తొమ్మిది షీట్లలో అయిదే వచ్చినప్పుడు

ఒక శుక్రవారం రాత్రి ఎనిమిది దాటాక నా ఫోన్‌కు ఏడు ఫోటోలు, ఒక చిన్న వాయిస్ మెసేజ్ వచ్చాయి. "సార్, ఘట్‌కేసర్ వైపు రెండు వందల గజాల ప్లాటు చూశాం. రేపు పొద్దున టోకెన్ ఇస్తున్నాం. క్లియరేనా, జర చూసి చెప్పండి." పంపినాయన గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తాడు. ఇంతకు ముందు వాళ్ల అమ్మగారి కాగితాలు నేనే చూశాను కాబట్టి నా నంబరు ఆయన దగ్గర ఉంది.

హైదరాబాద్‌లో ఆస్తి కాగితాలు చూసే వకీళ్లందరికీ ఇలాంటి మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. కాగితాలు పూర్తిగా రావు, టైము ఉండదు, ప్రశ్న ఒక్క ముక్కలో ఉంటుంది. "అన్నీ పంపండి, అప్పుడు చూస్తా" అంటే టోకెన్ ఈలోపే చేతులు మారుతుంది. వచ్చినంత చూసి "బాగానే ఉంది" అంటే రాని కాగితాలకు కూడా నేను పూచీ పడినట్టవుతుంది. ఈ రెండింటికీ మధ్య ఒక పద్ధతి ఉంది. అడిగింది ఏమిటో మన మాటల్లో తిరిగి చెప్పడం, ఏం వచ్చింది ఏం రాలేదో రాయడం, ఏమేం అనుకుని ముందుకు వెళ్తున్నామో ఒక్కొక్కటిగా బయట పెట్టడం, ఆ తర్వాతే అభిప్రాయం చెప్పడం. వినడానికి సులువుగానే ఉంటుంది. చేసేటప్పుడు ఎక్కడ తప్పుతామో ఆ ప్లాటు విషయంలోనే చెబుతాను.

అసలు కొంత భాగమే వచ్చిందని ఎలా తెలుస్తుంది? పంపినవాళ్లు చెప్పరు. వాళ్ల లెక్కలో అన్నీ పంపినట్టే. ఫోటోలు ఒకదాని వెంట ఒకటి చదువుకుంటూ పోతే మనకూ అనుమానం రాదు, ఎందుకంటే చదివే బుర్ర ఖాళీలను తనే పూడ్చుకుంటుంది. నాలుగో పేజీ "దిగువ షెడ్యూలులో వివరించిన ఆస్తి" అన్న మాటతో ముగుస్తుంది, తర్వాతి ఫోటోలో వేలిముద్రలు, పాస్‌పోర్టు ఫోటోలు కనిపిస్తాయి. మధ్యలో షెడ్యూలు చదివినట్టే అనిపిస్తుంది. చదవలేదు.

రిజిస్టరైన దస్తావేజు ఈ విషయంలో మనకు బాగా సాయం చేస్తుంది. కంప్యూటర్ కాలంలో రిజిస్టరైన సేల్ డీడ్ అయితే ప్రతి కాగితం అంచున సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు అచ్చు వేస్తుంది. పుస్తకం నంబరు, దస్తావేజు నంబరు, సంవత్సరం, వాటి పక్కనే `Sheet 3 of 9` లాంటి లెక్క ఉంటాయి. అంతకంటే పాత దస్తావేజు అయితే కాగితం వెనక రబ్బరు ముద్ర ఉంటుంది. దస్తావేజు మొత్తం కాగితముల సంఖ్య ఇంత, ఈ కాగితపు వరుస సంఖ్య ఇంత అని చేత్తో నింపి ఉంటుంది. చాలామంది ముందువైపు మాత్రమే ఫోటో తీసి పంపుతారు. అందుకే పాత దస్తావేజు అనగానే నేను మొదట వెనకవైపు ఫోటో అడుగుతాను. విషయం చదవకముందే ఈ అంకెలు చూడటం నాకు అలవాటు. విషయంలోకి దిగాక ఆ ఖాళీ కంటికి ఆనదు.

ఆ రాత్రి వచ్చిన ఏడు ఫోటోల్లో అయిదు సేల్ డీడ్‌వి. అమ్మకందారు 2014లో కొన్న దస్తావేజు అది. షీట్లు 1, 2, 3, 4, 7. మొత్తం 9. ఆరో ఫోటో ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. రెండు పేజీలని కింద ఉంది, మొదటి పేజీ మాత్రమే వచ్చింది. ఏడోది లేఅవుట్ ప్లాన్‌ను ఫోన్‌తో తీసిన ఫోటో. అనుమతి నంబరు, తేదీ, ఇచ్చిన సంస్థ పేరు ఉండే కింది భాగం ఫ్రేములోకి రాలేదు.

రాని పేజీలన్నీ ఒకే బరువు ఉండవని ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. 8, 9 షీట్లు మామూలుగా ఆధార్ జిరాక్సులు. అవి లేకున్నా ఆ రాత్రికి నష్టం లేదు. 6 ప్లాటు స్కెచ్ అయి ఉండాలి. 5 మాత్రం షెడ్యూలు, అంటే సర్వే నంబరు, ప్లాటు నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు. ఆస్తిని గుర్తుపట్టడానికి సరిపడా వర్ణన లేకపోతే దస్తావేజును రిజిస్ట్రేషన్‌కు తీసుకోకూడదని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. ఆ వర్ణన ఉండే చోటు షెడ్యూలే. ముందు పేజీల్లో రాసిన దానికీ షెడ్యూలుకూ తేడా వస్తే నేలమీద గొడవ మొదలయ్యేది అక్కడే.

ఇప్పుడు ప్రశ్న దగ్గరికి వద్దాం. "క్లియరేనా" అన్న మాటకు నా అనుభవంలో కనీసం మూడు అర్థాలున్నాయి. అమ్మేవాడికి పూర్తి హక్కు ఉందా అన్నది ఒకటి. రేపు కొంత డబ్బు ఇస్తే మునుగుతామా అన్నది రెండోది. బ్యాంకు ఈ ప్లాటు మీద లోన్ ఇస్తుందా అన్నది మూడోది. వీటికి కావలసిన కాగితాలు వేరు, పట్టే టైము వేరు, జవాబులు కూడా వేరుగా రావచ్చు. హక్కు బాగానే ఉన్నా, లేఅవుట్ అనుమతి లేదని బ్యాంకు లోన్ నిరాకరించవచ్చు.

అందుకే అడిగిన మాటనే తిప్పి చెబితే లాభం లేదు. "ప్లాటు క్లియరా కాదా అని అడిగారు, చూస్తున్నాను" అని నేను రాస్తే, ఆయన మనసులో ఒక అర్థం, నా మనసులో ఇంకొకటి అలాగే ఉండిపోతాయి. నాకు అర్థమైంది తప్పయితే ఆయన వెంటనే "కాదు సార్" అనగలిగేలా ఉండాలి నా వాక్యం. అంటే ఆయన వాడని మాటలు నేను వాడాలి. డబ్బు ఎంత, ఎప్పుడు ఇస్తారు, ఏ నిర్ణయం కోసం అడుగుతున్నారు, నేను ఏం చేయడం లేదు అన్నవి స్పష్టంగా పెట్టాలి. ముఖ్యంగా ఆ చివరిది. చేయనిది చెప్పకపోతే అది కూడా చేశామనే అవతలివాళ్లు అనుకుంటారు.

అనుకున్నవాటి సంగతి ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. ఎందుకో చెప్పడానికి నా పాత తప్పు ఒకటి చెప్పాలి. వకాలత్ మొదలుపెట్టిన కొత్తలో ఒక కుటుంబం పంపకాల దస్తావేజు చూశాను. "ఏ" షెడ్యూలు పెద్ద కొడుకుది, "బి" షెడ్యూలు చిన్న కొడుకుది. చిన్న కొడుకు తన భాగం అమ్ముతున్నాడు. నాకు వచ్చిన జిరాక్సులో బి షెడ్యూలుతో కాగితాలు అయిపోయాయి. పంచుకున్నది ఇద్దరే అనుకున్నాను. అనుకున్నానని కూడా నాకు తెలియదు, అది నిజమే అన్నట్టు చదివేశాను. కొన్నవాళ్లు కంచె వేయబోతే అక్కచెల్లెళ్లలో ఒకరు వచ్చి ఆపారు. సి షెడ్యూలు ఉంది. అదే సర్వే నంబరులో ఆమె భాగం పక్కనే ఉంది, హద్దు దగ్గర పేచీ. నేను రాసిచ్చిన పేజీన్నర అభిప్రాయంలో "పంచుకున్నది ఇద్దరేనని అనుకుంటున్నాను" అన్న ఒక్క వాక్యం ఉన్నా, అమ్మకందారు ఇంట్లో ఎవరో ఒకరు "లేదండీ, అక్కకు కూడా ఇచ్చాం" అని ఆరోజే చెప్పేవారు. ఆ కొన్నవాళ్లు పడిన తిప్పలు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటాయి.

అప్పటి నుంచి ఖాళీ కనిపించిన ప్రతిచోటా ఇక్కడ నేను ఏం పూడ్చుకున్నాను అని నన్ను నేనే అడుగుతాను. పూడ్చుకున్నది వాక్యంగా రాస్తాను. దాని పక్కనే "కాకపోతే" అని మొదలుపెట్టి ఇంకో వాక్యం రాస్తాను. ఆ రెండో వాక్యం రాయడానికి ఏమీ దొరక్కపోతే ఆ మొదటి వాక్యం జాబితాలో ఉండక్కర్లేదు. ఆధార్ జిరాక్సులు సరిగ్గా ఉన్నాయని అనుకుంటున్నాను అని రాస్తే ఆ రాత్రి నిర్ణయం ఏమీ మారదు. అలాంటివి పది చేర్చితే అసలైనది వాటి మధ్య మునిగిపోతుంది.

ఒపీనియన్లలో అచ్చు వేసినట్టు వచ్చే వాక్యం ఒకటి ఉంది: "చూపిన పత్రాలన్నీ సరైనవేనని భావించి ఈ అభిప్రాయం ఇస్తున్నాము." అది వకీలును కాపాడుతుందేమో గానీ కొనేవాళ్లకు చేయవలసిన పని ఏదీ చెప్పదు. ఏ పత్రం, అందులో ఏ సంగతి, ఎవరు ఎక్కడ సరిచూడగలరు అన్నవి ఉంటేనే అవతలివాళ్లు కదులుతారు.

ఇంకో తప్పు దీనికంటే పెద్దది. అడిగిన ప్రశ్ననే అనుకోవడం. ఆ రాత్రి నా మొదటి చిత్తులో ఇలా రాసుకున్నాను: "ఈసీ రెండో పేజీలో తాకట్టు ఏదీ లేదని అనుకుంటున్నాను." చదువుకుని కొట్టేశాను. తాకట్టు ఉందేమో చూడమనే కదా ఆయన అడిగింది! దాన్నే లేదని అనుకుని చివరికి "అభ్యంతరం కనిపించలేదు" అని రాస్తే, ఆయన ప్రశ్నను ఆయనకే జవాబు వేషంలో తిప్పి ఇచ్చినట్టు. ఇలాంటివి అనుకోవడానికి వీల్లేనివి. వాటిని వేరే వరుసలో పెట్టి, ఇది చూడకుండా నేను జవాబు చెప్పను అని రాయాలి.

చివరికి ఆ రాత్రి తొమ్మిదిన్నరకు నేను పంపినది ఇది.

"మీరు అడిగింది నాకు ఇలా అర్థమైంది. రేపు అమ్మకందారుకు టోకెన్ ఇవ్వబోతున్నారు. అది ఇవ్వకుండా ఆపాల్సిన కారణం ఈ కాగితాల్లో ఉందా అని అడుగుతున్నారు. పూర్తి లీగల్ ఒపీనియన్ ఇప్పుడు అడగలేదు, నేను ఇవ్వడం లేదు. ప్లాటు మీ సొంత డబ్బుతో కొంటున్నారని, లోన్ లేదని అనుకుంటున్నాను.

వచ్చినవి: 2014 సేల్ డీడ్‌లో 9 షీట్లకు 1, 2, 3, 4, 7. ఈసీ 2 పేజీల్లో మొదటిది. లేఅవుట్ ప్లాన్ ఫోటో, కింది భాగం లేకుండా. రానివాటిలో నాకు ముఖ్యమైనవి షీట్ 5, ఈసీ రెండో పేజీ, అమ్మకందారుకు అమ్మినాయన 2006లో కొన్న లింక్ డాక్యుమెంటు.

ఇలా అనుకుని చూశాను. ఒకటి, మీరు కొంటున్నది ప్లాట్ 47 మొత్తం, అందులో భాగం కాదు. షీట్ 2లో 200 గజాలని ఉంది. కానీ లేఅవుట్ ఫోటోలో అదే వరుసలోని ప్లాట్లు 40×60 అడుగులని కనిపిస్తున్నాయి, అంటే సుమారు 267 గజాలు. 47 మీద అంకె మసకగా ఉంది. అది 30×60 ఉన్న చిన్న ప్లాటు అనుకుంటున్నాను. కాకపోతే మీరు కొనేది ముక్క చేసిన ప్లాటు, టోకెన్ ఆపండి. షీట్ 5 చూస్తే తెలుస్తుంది.

రెండు, 2006 దస్తావేజులో అసలు యజమానే సంతకం చేశాడు, ఆయన తరఫున అధికార పత్రం ఉన్న జీపీఏ హోల్డర్ కాదు. కాకపోతే ఆ జీపీఏ కాగితం, సంతకం రోజుకు యజమాని బతికి ఉన్నాడనే ఆధారం అడగాలి.

మూడు, ఒరిజినల్స్ అమ్మకందారు దగ్గరే ఉన్నాయి. కాకపోతే ఎవరి దగ్గర, ఎందుకు ఉన్నాయో తెలిసేదాకా డబ్బు ఇవ్వకండి.

అనుకోవడానికి వీల్లేనిది: 2010 నుంచి ఇప్పటిదాకా తాకట్టు, వేరే అమ్మకం లేవన్నది. ఈసీ రెండో పేజీ చూడాలి.

పైవి నిజమైతే, వచ్చిన అయిదు షీట్లలో టోకెన్ ఆపాల్సింది నాకు కనిపించలేదు. ఒకటోది, మూడోది తేలకుండా మాత్రం ఇవ్వకండి."

రెండో సంగతి ఎందుకు పెట్టానో కొంచెం వివరించాలి. జీపీఏ ఇచ్చిన మనిషి చనిపోతే మామూలుగా ఆ అధికారం కూడా పోతుందని 1872 కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ చెబుతుంది. 202వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది గానీ అది ఒప్పందాన్ని బట్టి వర్తిస్తుంది. వట్టి జీపీఏ, అగ్రిమెంటు మీద అమ్మకాలు హక్కును బదిలీ చేయవని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో చెప్పింది. జీపీఏ హోల్డర్ యజమాని తరఫున రిజిస్టర్డ్ సేల్ డీడ్ చేస్తే అది వేరే సంగతి, ఆ తీర్పు దాన్ని తప్పు పట్టలేదు. నగరం చుట్టూ ఉన్న లేఅవుట్లలో జీపీఏ మీద జరిగిన అమ్మకాలు చాలా ఉన్నాయి కాబట్టి, లింక్ డాక్యుమెంటు కనిపించనప్పుడు ఇది నేను తప్పకుండా రాస్తాను.

ఆయన జవాబు పది నిమిషాల్లో వచ్చింది. మొదట ఒక బొటనవేలు బొమ్మ. దాన్ని నేను ఒప్పుకోలుగా తీసుకోను. "సరే" అన్న బొమ్మకు ఏది సరే అన్నది ఉండదు. ఫోన్ చేసి, "మూడు సంగతులు అనుకున్నానండీ, ఒక్కొక్కటి చదువుతాను, అవునా కాదా చెప్పండి" అన్నాను. అనుకున్నవాటి దాకా వెళ్లకముందే, మొదటి పేరా దగ్గరే ఆపారు. "లోన్ ఉంది సార్. సగం పైన లోనే. అది రాకపోతే మేం కొనలేం."

చూడండి, కాగితాల్లో ఏ షీటులోనూ లేని సంగతి ఇది. వాయిస్ మెసేజ్‌లో లేదు, నేను అడగనూ లేదు. లోన్ లేదని తప్పుగానైనా రాసి పెట్టడం వల్లే బయటికి వచ్చింది. ఖాళీ ప్రశ్నకు జనం తమకు తోచిన జవాబు చెబుతారు, లేదా చెప్పడం మరిచిపోతారు. తమ గురించి తప్పు వాక్యం కనబడితే మాత్రం వెంటనే సరిదిద్దుతారు. అందుకే జవాబు తెలియని చోట కూడా, ప్రశ్నగా అడగడం కంటే ఏదో ఒకవైపు రాయడమే మేలని నా అభిప్రాయం.

లోన్ ఉందనగానే పని మారిపోయింది. లేఅవుట్ ఫోటోలో లేని కింది భాగం ఇప్పుడు ముఖ్యమైంది. అనుమతి ఇచ్చింది నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏనా, 2008కి ముందు దాని స్థానంలో ఉన్న హుడానా, లేక పంచాయతీయా అన్నది బ్యాంకు మొదట చూస్తుంది. టోకెన్ రసీదులో "బ్యాంకు లోన్ మంజూరు కాకపోయినా, కాగితాల్లో లోపం తేలినా టోకెన్ మొత్తం తిరిగి ఇవ్వాలి" అన్న వాక్యం కూడా అవసరమైంది. కాసేపటి ముందు నేను రాసిన దాంట్లో ఈ రెండూ లేవు.

తర్వాత షీట్ 5 సంగతి. ఆయన మధ్యవర్తికి ఫోన్ చేశారు, మధ్యవర్తి అమ్మకందారుకు చేశాడు. రాత్రి పదకొండుకు ఫోటో వచ్చింది. షెడ్యూలులో మొదటి మాటే "పార్ట్ ఆఫ్ ప్లాట్ నంబర్ 47". తూర్పు హద్దు: ప్లాట్ 47లో మిగిలిన భాగం. మసకగా ఉన్న ఆ అంకె 40×60 అన్నమాట. ముప్పై అడుగుల వెడల్పు వీళ్లకు వస్తోంది, పది అడుగుల పట్టీ ఇంకెవరి చేతిలోనో ఉంది. గజాల్లో 66 చిల్లర.

ఇది మోసమని నేను అనడం లేదు. పక్క ప్లాటువాళ్లు పది అడుగులు కొనుక్కుని కలుపుకోవడం మన దగ్గర మామూలే. కానీ అనుమతి పొందిన లేఅవుట్‌లో ఒక ప్లాటును అమ్మకంతోనే రెండు చేస్తే, రేపు ఇల్లు కట్టుకునేందుకు అనుమతి అడిగినప్పుడు, లోన్ కోసం బ్యాంకు వకీలు చూసినప్పుడు ఆ ప్రశ్న లేస్తుంది. టోకెన్ ఇచ్చాక తెలుసుకోవాల్సిన సంగతి మాత్రం కాదు.

రాని పేజీ చేరినప్పుడు జనం చేసే పొరపాటు ఒకటి ఉంది. దాన్ని పాతవాటి చివర అతికించి, దానికి సంబంధించిన ఒక్క అనుమానం కొట్టేసి ముందుకు పోతారు. ఒక సంగతి కూలితే దాని మీద నిలబడ్డ మిగతావి కూడా మళ్లీ చూడాలి. ఇక్కడ కూలినది ప్లాటు నంబరు. దాని మీద నిలబడ్డది ఈసీ.

ఈసీ ఎలా పుడుతుందో చెబితే ఇది అర్థమవుతుంది. దరఖాస్తులో మనం ఇచ్చిన వివరాలతో, అంటే గ్రామం, సర్వే నంబరు, ప్లాటు నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నవాటితో రికార్డులో వెతుకుతారు. వాటికి సరిపోయిన లావాదేవీలు మాత్రమే వస్తాయి. అందుకే ఈసీ పై భాగంలో ఫలానా ఆస్తికి, ఫలానా కాలానికి వెతికాం అని ముందు రాసి, ఆ కిందే దొరికినవి ఇస్తారు. ఆఫీసు కూడా తనకు అర్థమైన పనిని మొదట తిరిగి చెప్పి, ఆ హద్దులోనే జవాబు చెబుతోంది. మనం మాత్రం ఆ పై నాలుగు లైన్లు వదిలేసి కిందికి పోతాం. ఈ ఈసీని "ప్లాట్ 47" అని వెతికించారు. రికార్డులో ఒక దస్తావేజును "47/పార్ట్" అనో, "47/ఏ" అనో ఎక్కించి ఉంటే ఈ వెతుకులాటకు అది తగలకపోవచ్చు.

శనివారం టోకెన్ ఇవ్వలేదు. ఈసీ రెండో పేజీ వచ్చింది, అందులో ఏమీ లేదు. అది చూసి ఆయన ఊపిరి పీల్చుకున్నారు. నేను తొందరపడవద్దన్నాను. ప్లాటు నంబరు రకరకాలుగా ఇచ్చి, మొత్తం సర్వే నంబరు మీద కూడా, కాలం 2006 నుంచి పెట్టి మళ్లీ వెతికించమన్నాను. తెలంగాణలో 1983 నుంచి ఉన్న రికార్డు కంప్యూటర్‌లో దొరుకుతుంది కాబట్టి ఈ కాలానికి పాత పుస్తకాలు తిరగేయాల్సిన పని లేదు. సర్వే నంబరు మీద వెతికితే జాబితా చాలా పొడవుగా వస్తుంది, ఓపికగా చదవాలి. అందులో దొరికింది. 2012లో, ఇప్పటి అమ్మకందారు కొనడానికి రెండేళ్ల ముందు, పది అడుగుల పట్టీని తూర్పు పక్క ప్లాటు యజమానికి అమ్మిన సేల్ డీడ్ అది. వర్ణనలో 47/పార్ట్ అని ఉంది. తాకట్టు ఎక్కడా కనిపించలేదు.

2012 దస్తావేజు, 2006 లింక్ డాక్యుమెంటు రెండింటికీ సర్టిఫైడ్ కాపీలు తీయించాం. ఇది చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కే ఒకటో పుస్తకం నుంచి నకలు, రుసుము కట్టిన ఎవరైనా తీసుకోవచ్చని రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ చెబుతుంది. అమ్మేవాళ్ల దయ అవసరం లేదు. "ఆ పేజీ ఎక్కడో పోయింది సార్" అన్న మాట విని ఆగిపోనక్కర్లేదు. దస్తావేజు నంబరు, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పేరు తెలిస్తే చాలు, అవి వచ్చిన ప్రతి షీటు అంచునా ఉంటాయి. 2006 దస్తావేజులో యజమానే స్వయంగా సంతకం చేశాడు. రెండో సంగతి అలా తీరింది.

ఈ పద్ధతికి హద్దులు లేకపోలేదు. రిజిస్టరు కాని వీలునామా, కోర్టులో నడుస్తున్న దావా, రాసుకోని కుటుంబ ఒప్పందం ఈసీలో రావు. కాగితాలన్నీ వచ్చినా అవి రావు. నాకు తట్టని అనుమానం జాబితాలోకి ఎక్కదు. ఒరిజినల్స్ బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చిన సంగతి కూడా ఈసీలో ఎప్పుడూ కనబడుతుందనే నమ్మకం లేదు. ఆ లోటు కోసం, బ్యాంకుల దగ్గర పెట్టిన తాకట్లు నమోదయ్యే సెర్సాయ్ రికార్డు వెతికిస్తాం. అంతకంటే ముందు, ఒరిజినల్స్ బల్ల మీద పెట్టమని అడుగుతాం.

ఆదివారం ఆయన, వాళ్ల నాన్నగారు టేపు పట్టుకుని ప్లాటు దగ్గరికి వెళ్లారు. తూర్పున పక్కవాళ్ల ప్రహరీ ఉంది. దాని నుంచి పడమటి హద్దు రాయి దాకా ముప్పై అడుగులు ఉండాలి. ఇరవై తొమ్మిదికి అంగుళాలు తక్కువ వచ్చింది. ఇది ఏ షీటులోనూ దొరికేది కాదు.

సోమవారం నేను పంపిన రెండో నోట్‌లో అడిగింది ఏమిటన్న పేరా మొత్తం మారింది: లోన్‌తో కొంటున్నారు, ప్లాటులో భాగం కొంటున్నారు, నేలమీద వెడల్పు తక్కువగా ఉంది, ఈ మూడూ తెలిసే ముందుకు వెళ్లాలా అని అడుగుతున్నారు. పాత మూడింటిలో ఒకటోది తప్పని తేలి కొట్టేశాను, రెండోది నిజమని తేలి కొట్టేశాను. ఒరిజినల్స్ సంగతి అలాగే ఉంది. అమ్మకందారు వాటిని ఊరి నుంచి తెస్తానన్నాడు. ఆ వాక్యం పక్కన "కాకపోతే" అన్న మాటను కూడా నేను మార్చలేదు.